అర్ధరాత్రికి పావుగంట ముందు ముగిసే డ్యూటీ: పౌర విమానయాన మంత్రి గారికి, డీజీసీఏకి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులకు,

నమస్కారం.

విమాన సంస్థల్లో క్రూ ప్లానింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఏ పైలట్ ఏ రోజు ఏ విమానం ఎక్కాలి, ఎన్ని ఊళ్లు తిరగాలి, రాత్రికి ఎక్కడ పడుకోవాలి అన్నది ముందుగా అల్లిపెట్టే పని మాది. బేస్ అంటే సిబ్బంది మకాం ఉండే విమానాశ్రయం. అక్కడి నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే చేరేదాకా ఒక సిబ్బంది చేసే ఆ వరసనే మేం పెయిరింగ్ అంటాం. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు రోజుకు వందల్లో రద్దయి, 5వ తేదీన ఒక్కరోజే వెయ్యి దాటినప్పుడు, చర్చ అంతా పైలట్లు సరిపోలేదా, నిబంధనలు బిగుసుకున్నాయా అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. నిబంధనకూ పైలట్‌కూ మధ్య పెయిరింగ్ అనేదొకటి ఉంటుందని, అసలు విషయం అందులోనే తేలుతుందని పెద్దగా వినపడలేదు. ఆ మాట చెప్పడానికే ఈ లేఖ. మంత్రి గారిది శ్రీకాకుళం కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మీకు తెలిసిన నిబంధననే చదివేవాళ్ల కోసం ఒకసారి చెప్పుకుంటాను. ఫ్లైట్ డ్యూటీ పీరియడ్ అంటే పైలట్ గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. విమానాశ్రయంలో రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి, ఆ రోజు ఆఖరి విమానం ఆగి ఇంజిన్లు ఆపేదాకా మొత్తం లెక్కకొస్తుంది. ఇద్దరు పైలట్లతో నడిచే విమానంలో, రాత్రి వేళను తాకని డ్యూటీకి రెండు ల్యాండింగులైతే 13 గంటల వరకు వీలుంది. ఆ పైన ఒక్కో ల్యాండింగుకు అరగంట చొప్పున తగ్గుతూ, నాలుగు ల్యాండింగులకు 12 గంటలవుతుంది. 2024 జనవరిలో మీరు సవరించిన నిబంధనలు రాత్రి అంటే అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 వరకు అన్నాయి. అంతకుముందు అది 5 గంటలకే అయిపోయేది. ఫ్లైట్ డ్యూటీలో ఏ కాస్త భాగం ఆ ఆరు గంటల్లోకి వెళ్లినా లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు ఫ్లైట్ డ్యూటీ 10 గంటలు, గాల్లో ఉండే సమయం 8 గంటలు, ల్యాండింగులు రెండే. పాత నిబంధనలో ఆ ల్యాండింగులు ఆరు దాకా ఉండేవి.

ఆ గీత అక్కడ గీయడానికి కారణముంది. తెల్లవారుజామున 2 నుంచి 6 వరకు మనిషి ఎంత అలవాటు పడ్డా ఒళ్లు నిద్రకే లాగుతుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానం పొద్దున 6 దాటిన కొద్ది నిమిషాలకు రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో దొరికిన రెండు గంటల పైచిలుకు సంభాషణలో కమాండర్ దాదాపు గంటా నలభై నిమిషాలు నిద్రలో ఉన్నట్టు విచారణలో తేలింది. లేచాక కూడా ఆ నిద్రమత్తు వదలకపోవడాన్ని విచారణ సంఘం ప్రస్తావించింది. పక్కనున్న కోపైలట్ మళ్లీ పైకి లేపుదామని చెబుతూనే ఉన్నారు. కొత్త నిబంధనల మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. నా బాధ అవి పెయిరింగ్‌లో ఎలా కూర్చుంటున్నాయన్నదే.

ఒక పెయిరింగ్ వేసి చూపిస్తాను. ఊళ్లు నిజమైనవే, వేళలు మాత్రం ఉదాహరణకు నేను పెట్టుకున్నవి. హైదరాబాద్ బేస్. మధ్యాహ్నం 1 గంటకు రిపోర్టింగ్. 2 గంటలకు ఢిల్లీకి బయల్దేరి సాయంత్రం 4:20కి చేరతారు. 50 నిమిషాల టర్న్‌అరౌండ్ తర్వాత 5:10కి తిరుగు ప్రయాణం, 7:30కి శంషాబాద్. అక్కడ వేరే విమానానికి మారాలి. 8:35కి విశాఖకు బయల్దేరి 9:50కి దిగుతారు. 35 నిమిషాల్లో ప్రయాణికులు దిగి, ఎక్కి, 10:25కి తిరిగి బయల్దేరితే రాత్రి 11:45కి హైదరాబాద్‌లో ఇంజిన్లు ఆగుతాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దీన్ని తనిఖీ చేస్తుంది. గాల్లో 7 గంటల 15 నిమిషాలు, 8కి లోపే. ల్యాండింగులు నాలుగు. ఫ్లైట్ డ్యూటీ 10 గంటల 45 నిమిషాలు. నాలుగు ల్యాండింగులకు 12 గంటల లిమిట్ కాబట్టి ఇంకా గంటంబావు వెసులుబాటు ఉన్నట్టు తెర మీద కనిపిస్తుంది. పచ్చరంగు పడుతుంది. ప్లానింగ్ మేనేజర్ చూసినా, ఆడిట్‌కు వచ్చిన మీ ఇన్‌స్పెక్టర్ చూసినా కనిపించేది ఆ గంటంబావే.

నిజంగా ఉన్నది పావుగంట. ఎందుకంటే 12 దాటగానే ఆ డ్యూటీ రాత్రి డ్యూటీ అయిపోతుంది. అప్పుడు లిమిట్ 10 గంటలు, ల్యాండింగులు రెండు. మన పెయిరింగ్‌లో ఉన్నవి 10:45, నాలుగు. అంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా ముగిసేలా ఇదే డ్యూటీని ముందే కాగితం మీద పెట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకునేదే కాదు. 11:45కి పెడితే హాయిగా పాసవుతుంది. పైలట్ అలసట మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. మామూలు లిమిట్ దగ్గర ఒక నిమిషం దాటితే మీరు దాటింది ఒక నిమిషమే. అర్ధరాత్రి గీత దగ్గర ఒక నిమిషం దాటితే లిమిట్టే రెండు గంటలు కిందికి దిగిపోతుంది. వెసులుబాటును లిమిట్ వరకు కొలిచే అలవాటు ఈ గీతను చూడలేదు.

షెడ్యూలర్ కావాలని ఇలా చేస్తాడని అనుకోకండి. ఈ లెక్క మనిషి చేత్తో వేసేది కాదు. ఒక పెద్ద సంస్థ రోజుకు నడిపే విమానాలన్నిటినీ ఇస్తే సాఫ్ట్‌వేర్ లక్షల కొద్దీ పెయిరింగులు పుట్టిస్తుంది. ఒక్కోదాన్నీ నిబంధనలతో సరిచూసి, నిలిచినవాటిలోంచి ప్రతి విమానం సరిగ్గా ఒక్కసారి వచ్చేలా, మొత్తం ఖర్చు అతి తక్కువయ్యేలా ఒక కట్టను ఎంచుతుంది. నిబంధన దానికి చెప్పేది చెల్లుతుందా, చెల్లదా అన్న రెండు మాటలే. 11:45కి, 11:05కి దాని దృష్టిలో తేడా లేదు. ఖర్చులో మాత్రం ఉంది. మన ఉదాహరణలోనే చూడండి. విశాఖ రెండు సెక్టార్లు, అంటే పోయే విమానం, వచ్చే విమానం తీసేస్తే ఆ సిబ్బంది 7:30కి ఇంటికి పోవచ్చు, కానీ రాత్రి విశాఖ వెళ్లి రావడానికి రోజూ ఇంకో జంట పైలట్లు కావాలి. పోనీ విశాఖలోనే రాత్రి ఆపేద్దామంటే 9:50కి దిగి, పనులు చూసుకుని 10:20కి డ్యూటీ ముగిస్తారు. కనీసం 12 గంటల విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి మర్నాడు పొద్దున 10:20 దాకా వాళ్లను ముట్టుకోకూడదు. విశాఖ నుంచి పొద్దున్నే పోయే మొదటి విమానానికి వాళ్లు పనికిరారు. హోటల్ ఖర్చు అదనం. ఇవన్నీ తూచి సాఫ్ట్‌వేర్ 11:45నే పట్టుకుంటుంది. గీతకు ఎంత దగ్గరగా వెళ్తే అంత పొదుపు అని దానికి మనమే చెప్పాం.

దీనికి తోడు బ్లాక్ టైమ్ సంగతి. విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటు చేరేదాకా పట్టే సమయం అది. గడిచిన నెలల సగటు తీసుకుని అదే ప్లాన్‌లో పెడితే ఇంచుమించు సగం రోజులు అంతకంటే ఎక్కువే పడుతుంది. ఒక్క సెక్టారైతే ఫరవాలేదు. నాలుగు సెక్టార్ల పెయిరింగ్‌లో మొదటిదాని ఆలస్యాన్ని రెండోది మోస్తుంది, ఆ రెండింటినీ మూడోది మోస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు పొద్దున పూట విమానాలను ఆపేస్తే ఆ వెనకబాటు సాయంత్రానికి కూడా తీరదు. ఢిల్లీ నుంచి ముప్పావు గంట ఆలస్యంగా వచ్చిన పైలట్లు శంషాబాద్‌లో విశాఖ విమానం దగ్గరికి పరుగున పోవాలి. గంటా ఐదు నిమిషాల విరామం ఇరవైకి పడిపోతుంది. చాలదు కాబట్టి ఆ విమానమూ ఆలస్యమవుతుంది. బ్లాక్ టైమ్‌లో ఐదు నిమిషాలు కోస్తే చెల్లని పెయిరింగ్ చెల్లిపోతుందని తెలిసినప్పుడు ఆ ఐదు నిమిషాలు కోయమనే ఒత్తిడి కూడా వస్తుంది. అది ఎవరి నోటి నుంచీ ఆదేశంలా రాదు. మీటింగులో ఎవరో ఒకరు, ఈ సెక్టార్ ఇంకాస్త తక్కువలో అవుతుంది కదా అంటారు, అంతే.

మన పెయిరింగ్ ఒక రాత్రి 12:50కి ముగిసిందనుకుందాం. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఆ రాత్రి రెండు పనులు పడతాయి. మొదటిది విశాఖకు బయల్దేరక ముందే తేల్చాల్సినది. వీళ్లతోనే నడపాలా, స్టాండ్‌బైలో ఉన్నవాళ్లను పిలవాలా? అనుకోని పరిస్థితి వచ్చినప్పుడు కమాండర్ తన సిబ్బంది స్థితి చూసుకుని డ్యూటీ పొడిగించడానికి ఒప్పుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ వీలు ఉండి తీరాలి, దారిలో తుపాను వచ్చిందని విమానాన్ని ఎక్కడో వదిలేసి రాలేం. అయితే రాత్రి తొమ్మిదిన్నరకు, విమానం నిండా జనం కూర్చుని ఉండగా కమాండర్‌ను అడిగే ఆ ప్రశ్న స్వేచ్ఛగా అడిగినట్టు ఉండదు. ఫోన్‌లో గొంతు మర్యాదగానే ఉంటుంది. కాదంటే నూట ఎనభై మంది ఆగిపోతారన్నది ఇద్దరికీ తెలుసు.

రెండో పని మర్నాటిది. ప్లాన్ ప్రకారం వీళ్లు రాత్రి 12:15కి డ్యూటీ దిగాలి. 12 గంటల విశ్రాంతి మధ్యాహ్నం 12:15కి పూర్తయి, 1 గంటకు మళ్లీ రిపోర్టింగ్. ముప్పావు గంట మిగులు. నిజంగా వాళ్లు దిగింది 1:20కి. విశ్రాంతి పూర్తయ్యేది మధ్యాహ్నం 1:20కి ముందు కాదు. 1 గంట రిపోర్టింగ్ చెల్లదు. కనీసం ఇరవై నిమిషాలు వెనక్కి జరిపితే మర్నాటి విమానం మొదట్లోనే ఆలస్యం, ఆ రాత్రి అర్ధరాత్రి దాటడం ఖాయం. స్టాండ్‌బై వాళ్లను వేస్తే ఇంకెక్కడో అవసరమైనప్పుడు వాళ్లు ఉండరు. ఒక్క పావుగంట మీద కట్టిన పెయిరింగ్ రెండో రోజును కూడా పట్టుకుపోయింది. ఇలాంటివి పదులకొద్దీ ఒకే రాత్రి విరిగితే 2025 డిసెంబరులో చూసినట్టు ఉంటుంది.

ఇక్కడే మిమ్మల్ని అడగాల్సిన మొదటి మాట. నెలలో పది రాత్రులు ఒకే పెయిరింగ్ అర్ధరాత్రి దాటితే దాన్ని అనుకోని పరిస్థితి అనవచ్చా? ఒక్కో రాత్రికి కారణం వేరే కావచ్చు. ఒకరోజు పొగమంచు, ఒకరోజు రద్దీ, ఒకరోజు వీల్‌చెయిర్ రాలేదు. కానీ ఏదో ఒకటి జరుగుతుందన్నది ముందే తెలిసిన సంగతి. యూరప్ నిబంధనల్లో దీనికి ఒక హద్దు పెట్టారు. ఒక సీజన్‌లో ఒక షెడ్యూల్‌లోని డ్యూటీలు 33 శాతానికి మించి గరిష్ఠ ఫ్లైట్ డ్యూటీని దాటిపోతే ఆ షెడ్యూల్‌నో, సిబ్బంది ఏర్పాటునో సంస్థ మార్చి తీరాలి. అమెరికాలో పార్ట్ 117 అనే నిబంధన 2014 జనవరి నుంచి అమల్లో ఉంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయాక పైలట్ల అలసట మీద మొదలైన కదలిక ఫలితమది. ఫ్లైట్ డ్యూటీ లిమిట్‌ను అరగంటకు మించి దాటిన ప్రతిసారీ సంస్థ పది రోజుల్లోగా అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు కారణంతో సహా నివేదించాలి. ఆ కారణం సంస్థ చేతిలో ఉన్నదైతే ఏం సరిదిద్దుతున్నారో కూడా రాయాలి. మూడో వంతు అన్నది నా దృష్టిలో చాలా ఉదారమైన హద్దు. అయినా ఆ రెండు చోట్లా ప్లాన్‌ను జరిగినదానితో పోల్చడం నిబంధనలో భాగమైంది, నాకు నచ్చింది అది.

ఇక్కడ నేను కోరేది లిమిట్ దాటడాన్ని లెక్కించడం దగ్గరే ఆగకూడదు. మన ఉదాహరణ 12:05కి ముగిస్తే 12 గంటల లిమిట్ దాటినట్టు లెక్కలో కనపడదు. రాత్రి గీత దాటినట్టు విడిగా లెక్కించాలి. ప్రతి పెయిరింగ్‌కూ గడిచిన ఏడాది అదే సీజన్‌లో ఆఖరి ఇంజిన్ నిజంగా ఎప్పుడు ఆగిందో తీయండి. కొత్త సమాచారం ఏమీ సేకరించక్కర్లేదు. విమానం గేటు వదలడం, గాల్లోకి లేవడం, దిగడం, గేటు చేరడం, ఈ నాలుగు సమయాలను విమానమే పంపుతుంది, సంస్థలన్నీ దాచుకుంటాయి. ఆ ముగింపు వేళల్లో ఐదో వంతుకు మించి 12 దాటి ఉంటే, ప్లాన్‌లో అది 11:45 అని రాసి ఉన్నా రాత్రి డ్యూటీగానే తనిఖీ చేయమనండి. అప్పుడు మన పెయిరింగ్ ప్లానింగ్ దశలోనే నిలవదు, సాఫ్ట్‌వేర్ వేరే దారి వెతుక్కుంటుంది. వరసగా రెండు రాత్రి డ్యూటీలే అన్న నిబంధననూ జరిగిన వేళలతోనే సరిచూడాలి. సోమ, మంగళవారాల్లో ఆలస్యం వల్ల 12 దాటిన పైలట్‌ను బుధవారం రాత్రి ఎక్కించేటప్పుడు, అతని ఒంటికి అది మూడో రాత్రి.

ఈ జబ్బు ఒక సంస్థలో ఉందా లేదా అని తెలుసుకోవడానికి మీ ఇన్‌స్పెక్టర్‌కు ఒక పూట చాలు. ఆ నెల పెయిరింగులన్నిటి ప్లాన్ ముగింపు వేళలను పది నిమిషాల చొప్పున విడగొట్టి గ్రాఫ్ గీయమనండి. రాత్రి 11:30కి, 12కి మధ్య ఒక గుట్ట లేచి, 12 దాటగానే ఖాళీ కనిపిస్తే ఆ పెయిరింగులు గీతకు ఆనించి కట్టినవి. అదే గ్రాఫ్ రిపోర్టింగ్ వేళలకూ గీయండి. పొద్దున 6:00, 6:05 దగ్గర గుట్ట ఉంటే అది రెండో అంచు. 6 గంటలకు రిపోర్ట్ చేసే డ్యూటీ నిబంధన ప్రకారం రాత్రిని తాకదు, నాలుగు ల్యాండింగులు, 12 గంటలు పెట్టవచ్చు. కానీ కూకట్‌పల్లిలోనో మల్కాజ్‌గిరిలోనో ఉండే పైలట్ 6కి శంషాబాద్‌లో ఉండాలంటే నాలుగింటికల్లా లేవాలి. నిద్ర పోయింది సరిగ్గా మీరు కాపాడదామనుకున్న ఆ వేళలోనే. దీనికి నిబంధన మార్చమని అడగను, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. గీత పక్కన గుట్టలు పడుతున్నాయేమో చూడమంటున్నాను.

ఇక మినహాయింపుల మాట. రద్దులు మొదలయ్యాక రాత్రి డ్యూటీలకు సంబంధించిన కొన్ని నిబంధనల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక వెసులుబాటు ఇచ్చారు. ఆ రోజుల్లో విమానాశ్రయాల్లో నేల మీద కూర్చున్న జనాన్ని చూస్తే మీ మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించగలను. కానీ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. చలికాలపు షెడ్యూల్ 2025 అక్టోబరు 26న మొదలైంది. రాత్రి ల్యాండింగుల నిబంధన అమల్లోకి వచ్చింది నవంబరు 1న. ఐదు నెలలు నడవాల్సిన షెడ్యూల్‌లో మొదటి ఆరు రోజులు తప్ప మిగతా అంతా కొత్త నిబంధన కిందే నడవాలన్నది షెడ్యూల్ ఆమోదించిన రోజునే తెలుసు. ఆ రోజు విమానాల సంఖ్యతో పాటు, కొత్త నిబంధనతో అల్లిన పెయిరింగుల కట్టనూ, దానికి కావలసిన పైలట్ల సంఖ్యనూ, నిజంగా ఉన్నవాళ్ల సంఖ్యనూ పక్కన పెట్టి చూస్తే లోటు కాగితం మీదే కనపడేది. పెయిరింగులు అల్లడానికి ఏ సంస్థకైనా కొన్ని రోజుల పని. అది చేయకుండా ఏ సంస్థా విమానాలు నడపదు కూడా.

కాబట్టి వచ్చే చలికాలపు షెడ్యూల్ ఆమోదానికి మీ దగ్గరికి వచ్చే ప్రతి సంస్థనూ మూడు కాగితాలు అడగండి. అమల్లో ఉన్న నిబంధనలతో, మినహాయింపు ఏదీ లేదనుకుని అల్లిన పెయిరింగుల కట్ట ఒకటి. ఆ పెయిరింగుల్లో పాతవాటికి గడిచిన సీజన్‌లో ముగింపు వేళలు నిజంగా ఎలా ఉన్నాయో చూపే పట్టిక రెండోది. బేస్ వారీగా కావలసిన పైలట్లు, ఉన్న పైలట్లు, స్టాండ్‌బైలో ఉంచేవాళ్లు మూడోది. రెండో కాగితంలో సంస్థ పేరుతో సహా మొత్తం అంకెలు మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. సమయపాలన అంకెలు నెలనెలా ఎలాగూ పెడుతున్నారు, దాని పక్కనే ఇదీ ఉండవచ్చు. మూడో కాగితంలో లెక్క కుదరకపోతే ఎన్ని విమానాలకు సిబ్బంది ఉంటే అన్నిటికే ఆమోదం ఇవ్వండి. టికెట్లు అమ్మక ముందు తగ్గించిన విమానం వల్ల ఎవరూ విమానాశ్రయంలో రాత్రి గడపాల్సిన పని ఉండదు.

పెయిరింగులు అల్లేవాళ్లను కూడా ఒకసారి పిలిచి మాట్లాడండి. పైలట్ల సంఘాలతో, సంస్థల యాజమాన్యాలతో మీ సంప్రదింపులు జరుగుతూనే ఉంటాయి. ఆ గదిలో షెడ్యూలర్లకు కుర్చీ వేసిన సందర్భం నేను పనిచేసినంత కాలం నాకు ఎదురుపడలేదు. ఏ సెక్టార్ బ్లాక్ టైమ్ బిగుతుగా ఉందో, ఏ పెయిరింగ్ వారానికి ఎన్నిసార్లు విరుగుతుందో వాళ్లకు నోటికి వచ్చు. యాజమాన్యం లేని గదిలో, పేర్లు రాసుకోకుండా అడిగితే చెబుతారు.

ఇట్లు,
ఒక మాజీ క్రూ షెడ్యూలర్,
హైదరాబాద్